తటస్థ జీవవైవిధ్య సిద్ధాంతాన్ని అడవి గణన సమాచారంతో పరీక్షించడం ఎలా: ఒక సమగ్ర మార్గదర్శి

ఒక అడవిలోనో, పగడపు దిబ్బ మీదనో జాతులవారీగా గణన పూర్తయింది; ఆ సంఖ్యలు తటస్థ సిద్ధాంతానికి లోబడి ఉన్నాయో లేదో ఎలా తేల్చాలి అని పాఠకులు తరచూ అడుగుతున్నారు. చాలామంది ఒక వక్రరేఖను సమాచారానికి అమర్చి, అది బాగా కుదిరితే సిద్ధాంతం నెగ్గిందనీ, కుదరకపోతే ఓడిందనీ రాసేస్తారు. ఆ రెండు తీర్పులూ తొందరపాటే. సరైన పరీక్షకు ఒక వరుస ఉంది. సంఖ్యాబలాల ఆకృతి, అంటే ఎన్ని జాతులకు ఎన్నేసి జీవులు ఉన్నాయన్న లెక్క, అందులో మొదటి భాగం మాత్రమే. అసలు పరీక్ష ఆ తరువాతే మొదలవుతుంది.

ఉదాహరణకు పనామాలోని బార్రో కొలరాడో దీవిలో ఉన్న 50 హెక్టార్ల గణన క్షేత్రాన్ని తీసుకుంటున్నాను. ఈ సిద్ధాంతాన్ని 2001లో గ్రంథరూపంలో ప్రతిపాదించిన స్టీఫెన్ హబ్బెల్ పనిచేసిన క్షేత్రం అదే. ఆ సమాచారంలో ఒక భాగం R లోని vegan ప్యాకేజీలో అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి, కింది లెక్కలన్నింటినీ పాఠకులు స్వయంగా సరిచూసుకోవచ్చు.

## 1. ముందుగా సిద్ధాంతం ఏం చెబుతోందో స్పష్టం చేసుకోండి

ఒకే పోషక స్థాయిలో ఉండి, ఒకే వనరుల కోసం పోటీపడే జీవుల సముదాయానికే ఈ సిద్ధాంతం వర్తిస్తుంది. అడవిలోని చెట్లన్నీ కలిపి అలాంటి ఒక సముదాయం. చెట్లనూ వాటి ఆకులు తినే పురుగులనూ కలిపి లెక్కిస్తే అది కాదు.

దీని ప్రధాన ఊహ ఒక్కటే: ఏ జాతికి చెందినదైనా సరే, ప్రతి చెట్టుకూ చనిపోయే అవకాశం, సంతానాన్ని నిలబెట్టుకునే అవకాశం, వలస వచ్చే అవకాశం సమానం. జాతుల మధ్య తేడాలు లేవని దీని అర్థం కాదు. ఆ తేడాలు ఒక చెట్టు భవిష్యత్తును మార్చవని మాత్రమే అర్థం.

స్థానిక సముదాయంలో J చెట్లు ఉన్నాయనుకోండి. ఒక చెట్టు చనిపోయినప్పుడు ఆ ఖాళీ m సంభావ్యతతో, చుట్టూ విశాల ప్రాంతమంతటా ఉన్న మహాసముదాయం నుంచి వచ్చిన వలసతో నిండుతుంది. లేకపోతే అక్కడే ఉన్న ఏదో ఒక చెట్టు సంతానంతో నిండుతుంది. మహాసముదాయంలో కొత్త జాతులు అరుదుగా పుడుతూ ఉంటాయి. మహాసముదాయం పరిమాణం JM, ప్రతి జననానికీ కొత్త జాతి ఆవిర్భవించే సంభావ్యత ν అయితే, θ = 2·JM·ν అనే ఒకే సంఖ్య ఆ మహాసముదాయపు వైవిధ్యాన్ని నిర్ణయిస్తుంది. దీన్ని మౌలిక జీవవైవిధ్య సంఖ్య అంటారు.

దీని నుంచి మనకు కావలసిన అంచనాలు మూడు వస్తాయి.

- మహాసముదాయంలో జాతుల సంఖ్యాబలాలు ఫిషర్ లాగ్ శ్రేణిని అనుసరిస్తాయి. అంటే ఒకే చెట్టున్న జాతులు అన్నిటికంటే ఎక్కువగా, రెండేసి చెట్లున్నవి వాటిలో సుమారు సగంగా, మూడేసి ఉన్నవి మూడో వంతుగా ఉంటాయి.
- వలస పరిమితంగా ఉన్న స్థానిక సముదాయంలో అత్యంత అరుదైన జాతులు ఈ లాగ్ శ్రేణి చెప్పినదానికంటే తగ్గుతాయి. స్థానికంగా అంతరించినవి వెంటనే తిరిగి రాకపోవడమే దీనికి కారణం.
- కాలం గడిచే కొద్దీ ప్రతి జాతి సంఖ్యా యాదృచ్ఛికంగా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఆ మార్పు పరిమాణాన్ని మరణాల సంఖ్య నుంచి ముందుగానే లెక్కించవచ్చు.

మొదటి రెండు అంచనాలు ఒక్క గణనతో పరీక్షకు వస్తాయి. మూడోదానికి అదే క్షేత్రంలో పదేపదే జరిగిన గణనలు కావాలి. సిద్ధాంతానికి నిజమైన గడ్డు పరీక్ష ఈ మూడోదే.

## 2. సమాచారాన్ని సిద్ధం చేయడం

ఈ పరీక్ష ఫలితమంతా అరుదైన జాతుల లెక్క మీద ఆధారపడుతుంది. సాధారణ జాతుల్లో ఇరవై చెట్లు తప్పుగా లెక్కించినా ఆకృతి మారదు. ఒకే చెట్టున్న జాతుల్లో ఐదింటిని పోగొడితే తీర్పే మారిపోవచ్చు. కాబట్టి కంప్యూటర్ తెరవకముందే కింది వాటిని సరిచూడండి.

- కనీస పరిమాణం ఒక్కటే ఉందా? మన ఉదాహరణలో రొమ్ము ఎత్తు వద్ద 10 సెంటీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ వ్యాసం ఉన్న చెట్లను మాత్రమే తీసుకున్నారు.
- లెక్కించినది చెట్లనా, కాండాలనా? ఒకే మొదలు నుంచి నాలుగు కాండాలు వచ్చిన చెట్టు ఒక్క జీవి కిందే లెక్కకు రావాలి.
- పేరు తేలని చెట్లను ఏం చేశారు? వాటిని తీసేస్తే అరుదైన జాతులు కృత్రిమంగా తగ్గుతాయి. ఒక్కొక్కదాన్ని వేరే జాతిగా రాస్తే కృత్రిమంగా పెరుగుతాయి. వీలైతే ఆకృతిని బట్టి తాత్కాలిక జాతులుగా విభజించి, లెక్కను రెండు విధాలుగానూ చేసి చూడండి.
- జీవులన్నిటినీ లెక్కించారా, లేక ఆకు విస్తీర్ణం వంటి శాతాలను నమోదు చేశారా? శాతాలతో ఈ పరీక్ష చేయలేరు, పూర్ణాంకాలే కావాలి.

తరువాత సమాచారాన్ని తెరవండి.

```r
library(vegan)
data(BCI)
n <- colSums(BCI)
sum(n)            # మొత్తం చెట్లు
length(n)         # మొత్తం జాతులు
sum(n == 1)       # ఒకే చెట్టున్న జాతులు
fisher.alpha(n)
```

మొత్తం 21,457 చెట్లు, 225 జాతులు కనిపిస్తాయి. అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది ఫరామియా ఆక్సిడెంటాలిస్, 1,717 చెట్లు. దాని వెనకే 1,681 చెట్లతో ట్రైకిలియా ట్యూబర్‌క్యులాటా. మరో చివర, 50 హెక్టార్లంతటా ఒక్క చెట్టు మాత్రమే ఉన్న జాతులు 19. ఈ 19ని గుర్తుంచుకోండి. తరువాతి రెండు మెట్లలో దీనితోనే పోలుస్తాం.

## 3. మొదటి మెట్టు: వలస పరిమితి లేదనుకుని లెక్కించడం

అతి సరళమైన ఊహతో మొదలుపెట్టాలి. క్షేత్రంలోని చెట్లు మహాసముదాయం నుంచి స్వేచ్ఛగా ఏరిన నమూనా అనుకుందాం. అప్పుడు θ విలువ దాదాపు ఫిషర్ లాగ్ శ్రేణిలోని α తో సమానం. జాతుల సంఖ్య S, చెట్ల సంఖ్య J మధ్య సంబంధం ఇది:

S = α · ln(1 + J/α)

α = 35 పెడితే J/α సుమారు 613; 614 సహజ సంవర్గమానం 6.42; 35తో గుణిస్తే 224.7. అంటే 225 జాతులకు α సుమారు 35.

ఇదే శ్రేణి ప్రకారం ఒకే చెట్టున్న జాతులు ఎన్ని ఉండాలి? జవాబు α·J/(J+α), అంటే దాదాపు 35. క్షేత్రంలో ఉన్నవి 19. ఈ తేడా పెద్దది, పైగా ఒక నిర్దిష్ట దిశలో ఉంది: అరుదైన జాతులు తగ్గాయి. సిద్ధాంతపు రెండో అంచనా చెప్పిన దిశ కూడా అదే. కాబట్టి ఈ దశలోనే సిద్ధాంతాన్ని తోసిపుచ్చకూడదు. తోసిపుచ్చవలసింది వలసకు హద్దు లేదన్న ఊహను మాత్రమే.

## 4. రెండో మెట్టు: వలస పరిమితిని కలపడం

ఇప్పుడు m ను కూడా అంచనా వేయాలి. లెక్కలో m బదులు I అనే రూపం వాడితే పని సులువవుతుంది:

I = m·(J − 1)/(1 − m)

రాంపాల్ ఎటియెన్ 2005లో ఇచ్చిన సూత్రంతో θ, m రెండింటికీ ఒకేసారి గరిష్ఠ సంభావ్యతా అంచనా వేయవచ్చు. R లో untb ప్యాకేజీ ఈ పని చేస్తుంది. ఈ క్షేత్రానికి వచ్చే విలువలు θ = 47.67, I = 2211; అంటే m సుమారు 0.093. ప్రతి వంద ఖాళీల్లో తొమ్మిదింటిని బయటి విత్తనాలు నింపుతున్నాయని దీని భావం. θ ఇక్కడ 35 నుంచి 47.67కి పెరగడం గమనించండి: వలస పరిమితి స్థానికంగా కొన్ని జాతులను దాచిపెడుతోంది కాబట్టి, వెనకున్న మహాసముదాయం మనకు కనిపించేదానికంటే సంపన్నమై ఉండాలి.

యంత్రం ఇచ్చిన అంకెలను అలాగే నమ్మకుండా, కాగితం మీద ఒకసారి సరిచూడడం మంచిది. ఇందుకు రెండు అంచెల ఆలోచన చాలు.

మొదటి అంచె: ఈ 21,457 చెట్ల వంశాలను వెనక్కి వెతుక్కుంటూ వెళితే, అవి ఎన్ని వలస పూర్వికుల దగ్గర ఆగుతాయి? సుమారుగా I·ln((I+J)/I). (2211 + 21457)/2211 = 10.7, దాని సహజ సంవర్గమానం 2.37; 2211తో గుణిస్తే సుమారు 5,240 పూర్వికులు.

రెండో అంచె: ఆ 5,240 పూర్వికులు మహాసముదాయం నుంచి స్వేచ్ఛగా వచ్చినవారు కాబట్టి, వాటిలో జాతులు సుమారుగా 47.67 × ln(1 + 5240/47.67), అంటే 47.67 × 4.71 = 224.5. క్షేత్రంలో ఉన్నవి 225. అంచనా సరిగ్గా నడిచిందనడానికి ఇది మొదటి ఆధారం.

ఇప్పుడు ఒకే చెట్టున్న జాతులు. ఒక జాతికి క్షేత్రంలో ఒకే చెట్టు ఉండాలంటే దానికి ఒకే వలస పూర్వికుడు ఉండాలి, ఆ పూర్వికుడికి ఒకే వారసుడు మిగిలి ఉండాలి. ఒకే పూర్వికుడున్న జాతులు 47.67 × 5240/(5240 + 46.67), సుమారు 47. ఒకే వారసుడున్న పూర్వికులు 2211 × 21457/23667, సుమారు 2,005. అంటే మొత్తం పూర్వికుల్లో 38 శాతం. 47లో 38 శాతం సుమారు 18. క్షేత్రంలో ఉన్నవి 19.

లాగ్ శ్రేణి 35 చెప్పిన చోట వలస పరిమితితో కూడిన తటస్థ నమూనా 18 చెబుతోంది. ఈ సరిపోలికను చూసి చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇంత దగ్గరగా రావడం ఆకట్టుకునే విషయమే. కానీ ఒక మాట మరువకూడదు: లాగ్ శ్రేణిలో మనం తిప్పగలిగే మీట ఒకటి, ఇక్కడ రెండు. రెండో మీటను ఇదే సమాచారాన్ని చూసి తిప్పాం.

## 5. మూడో మెట్టు: యాదృచ్ఛిక నమూనాలతో హద్దులు గీయడం

18కి 19 దగ్గరే, సరే. 26 వచ్చి ఉంటే? ఎంత తేడాను సహజమైన ఊగిసలాటగా భావించాలో తెలియాలంటే అవే విలువలతో అనేక కృత్రిమ సముదాయాలను సృష్టించాలి. పై రెండు అంచెల ఆలోచననే కోడ్‌గా రాస్తే సరిపోతుంది.

```r
neutral <- function(J, theta, I) {
  sp <- integer(J); anc <- integer(0); s <- 0
  for (j in 1:J) {
    if (runif(1) < I / (I + j - 1)) {
      a <- length(anc)
      if (runif(1) < theta / (theta + a)) {
        s <- s + 1; k <- s
      } else k <- anc[sample.int(a, 1)]
      anc <- c(anc, k); sp[j] <- k
    } else sp[j] <- sp[sample.int(j - 1, 1)]
  }
  as.vector(table(sp))
}
set.seed(1)
sim <- replicate(500, neutral(21457, 47.67, 2211),
                 simplify = FALSE)
quantile(sapply(sim, function(x) sum(x == 1)),
         c(.025, .975))
quantile(sapply(sim, max), c(.025, .975))
```

ఒకే చెట్టున్న జాతుల సంఖ్యకూ, అతి పెద్ద జాతి పరిమాణానికీ 95 శాతం హద్దులు దీని నుంచి వస్తాయి. క్షేత్ర విలువలు ఆ హద్దుల్లో పడుతున్నాయా అని చూడండి. మరింత కఠినంగా చేయదలిస్తే, ప్రతి కృత్రిమ సముదాయానికీ సంభావ్యతా విలువను లెక్కించి, అసలు సమాచారపు విలువ వాటి మధ్య ఎక్కడ నిలుస్తోందో చూడాలి. అసలు విలువ అన్నిటికంటే కింద పడితే నమూనా విఫలమైనట్టే.

అతి పెద్ద జాతిని విడిగా చూడమనడానికి కారణం ఉంది. మొత్తం ఆకృతి చక్కగా కుదిరినా, ఒక జాతి తటస్థ నమూనా అనుమతించేదానికంటే విపరీతంగా ఆధిక్యం చూపే సముదాయాలు ఉంటాయి. సగటు సరిపోలికను కొలిచే సూచీలు ఆ ఒక్క జాతిని మింగేస్తాయి.

## 6. ఇక్కడ ఆగకపోవడానికి కారణం

2003లో ఇదే క్షేత్రం సమాచారంతో రెండు విరుద్ధమైన ఫలితాలు వెలువడ్డాయి. బ్రయన్ మెక్‌గిల్ లాగ్‌నార్మల్ వక్రమే మెరుగని చూపగా, ఇగోర్ వోల్కోవ్ బృందం తటస్థ నమూనాకు కచ్చితమైన గణిత పరిష్కారం ఇచ్చి, అదే మెరుగని చూపింది. రెండు వక్రాలూ సమాచారానికి అంత దగ్గరగా ఉన్నప్పుడు, ఎంచుకున్న కొలమానాన్ని బట్టి విజేత మారిపోతుంది.

సమస్య కొలమానంతో తీరేది కాదు. జాతులు ఎక్కువగా ఉన్న సముదాయంలో ప్రతి జాతికీ తనదైన జీవన స్థానం, అంటే నిచ్, ఉందని ఊహించే నమూనాలు కూడా దాదాపు ఇదే సంఖ్యాబల ఆకృతిని ఇవ్వగలవని ర్యాన్ చిజమ్, స్టీఫెన్ పకాలా 2010లో గణితపరంగా చూపారు. కాబట్టి ఆకృతి కుదరకపోతే తటస్థ నమూనాకు వ్యతిరేకంగా కొంత చెప్పవచ్చు. కుదిరితే మాత్రం చెట్లు తటస్థంగా ప్రవర్తిస్తున్నాయని చెప్పలేం. ఒకే గణనను చూపి సిద్ధాంతం రుజువైందని రాసిన ఏ నివేదికనూ నేను ఒప్పుకోను. మిగిలిన రెండు మెట్లూ ఎక్కితీరాలి.

## 7. నాలుగో మెట్టు: m ను వేరే దారిలో కొలవడం

m ను వక్రరేఖ నుంచి అంచనా వేశాం. అది నిజంగా వలస సంభావ్యతే అయితే, విత్తనాలు ఎంత దూరం పోతున్నాయన్న దానితో అది పొసగాలి. చిజమ్, జెరెమీ లిక్‌స్టైన్ 2009లో ఇచ్చిన సంబంధం ఇందుకు ఉపయోగపడుతుంది: క్షేత్రపు చుట్టుకొలత P, వైశాల్యం A, తల్లిచెట్టు నుంచి సంతానానికి సగటు దూరం d అయితే

m ≈ P·d/(π·A)

బార్రో కొలరాడో క్షేత్రం 1,000 మీటర్ల పొడవు, 500 మీటర్ల వెడల్పు. P = 3,000 మీటర్లు, A = 5,00,000 చదరపు మీటర్లు. m = 0.093 పెడితే d సుమారు 49 మీటర్లు వస్తుంది.

ఇక చేయవలసింది ఈ 49 మీటర్లను, రాలే విత్తనాలను పట్టే విత్తన వలల సమాచారంతో పోల్చడం. ఆ దీవి మీద అలాంటి వలలు ఏళ్ల తరబడి ఉన్నాయి. పక్షులూ గాలీ విత్తనాలను మోసే అడవికి 49 మీటర్ల సగటు నమ్మదగినదే. ఇక్కడ 5 మీటర్లో, 2 కిలోమీటర్లో వచ్చి ఉంటే, వక్రం ఎంత అందంగా కుదిరినా m అన్న అక్షరానికి వలస అన్న అర్థం ఉండేది కాదు.

ఈ మెట్టుకు ఒక పరిమితి ఉంది. క్షేత్రం హద్దు దాటగానే మహాసముదాయం పూర్తిగా కలగలిసి ఉందని సిద్ధాంతం ఊహిస్తుంది. వాస్తవంలో హద్దు అవతలి పొరుగు అడవి కూడా ఈ క్షేత్రాన్నే పోలి ఉంటుంది కాబట్టి, అక్కడి నుంచి వచ్చే విత్తనం తెచ్చే కొత్తదనం తక్కువ. అందువల్ల రెండు అంచనాలూ దశాంశాల వరకూ కలవాలని ఆశించకండి; ఒకే స్థాయిలో ఉన్నాయో లేదో చూడండి.

## 8. ఐదో మెట్టు: కాలంతో పాటు వచ్చే మార్పును కొలవడం

ఈ మెట్టుకు కనీసం రెండు గణనలు, వీలైతే మరిన్ని కావాలి. బార్రో కొలరాడోలో మొదటి గణన 1980ల ఆరంభంలో జరిగింది. 1985 నుంచి 2015 వరకూ ఐదేళ్లకోసారి జరిగింది.

సూత్రం తేలిక. ఒక చెట్టు చనిపోయి మరొకటి ఆ చోటును నింపినప్పుడు, సముదాయంలో p వంతు ఉన్న జాతి ఒకటి పెరిగే సంభావ్యత p(1−p), ఒకటి తగ్గే సంభావ్యతా అంతే. కాబట్టి ఒక్కో మరణానికి ఆ జాతి సంఖ్యలో వచ్చే విస్తృతి 2p(1−p). D మరణాలు జరిగితే మొత్తం 2p(1−p)D.

800 చెట్లున్న ఒక జాతిని ఊహించి లెక్కిద్దాం. ఏటా 2 శాతం చెట్లు చనిపోతాయనుకుంటే, 30 ఏళ్లలో 21,457 చెట్ల సముదాయంలో దాదాపు 12,900 మరణాలు. p = 800/21457, అంటే 0.037. విస్తృతి సుమారు 925. దాని వర్గమూలమైన ప్రామాణిక విచలనం సుమారు 30.

వలస లాగుడును కూడా లెక్కలో చేర్చాలి. ఆ జాతి బయట ఎక్కడా లేదనే అతి ప్రతికూలమైన ఊహ తీసుకుందాం. అప్పుడు ప్రతి మరణానికీ సగటు నష్టం m·p, మొత్తం 0.093 × 0.037 × 12900, సుమారు 45 చెట్లు. అంటే 30 ఏళ్ల తరువాత ఆ జాతి 755 దగ్గర, అటూ ఇటూ 60 తేడాతో ఉండాలి. 695 కంటే కిందికి దిగడం అరుదు. 400కి పడిపోవడం తటస్థ నమూనాలో అసాధ్యమనే చెప్పాలి.

వాస్తవంలో ఏం జరిగింది? అక్కడి సాధారణ జాతుల్లో ఒకటైన పౌల్సేనియా అర్మాటా సగానికి పైగా తగ్గిపోయింది. 1982–83 ఎల్‌నినో కాలపు తీవ్రమైన అనావృష్టి తేమను కోరే జాతులను ఎక్కువగా దెబ్బతీసింది. అంటే ఆ అనావృష్టి కాలంలో అన్ని చెట్లకూ చావు అవకాశం సమానంగా లేదు. సంఖ్యాబల ఆకృతి మాత్రం ఈ మార్పు జరుగుతున్నప్పుడు కూడా దాదాపు అలాగే కనిపిస్తుంది, ఎందుకంటే అందులో జాతులకు పేర్లు ఉండవు. ఒక జాతి దిగిన స్థానంలోకి మరొకటి ఎక్కితే వక్రానికి తేడా తెలియదు. ఐదో మెట్టు అవసరం ఇక్కడే కనిపిస్తుంది.

ఒక్క జాతిని చూసి తీర్పు ఇవ్వకుండా అన్ని జాతులనూ కలిపి చూడడానికి ఒక మంచి మార్గం ఉంది.

- ప్రతి జాతికీ రెండు గణనల మధ్య సంఖ్యా మార్పును వర్గం చేయండి.
- జాతులను తొలి సంఖ్యాబలం ప్రకారం గుంపులు చేసి, ఒక్కో గుంపుకు ఆ వర్గాల సగటు తీయండి.
- సగటును నిలువు అక్షం మీద, తొలి సంఖ్యాబలాన్ని అడ్డం అక్షం మీద, రెండింటినీ లాగ్ కొలతలో గీయండి.
- రేఖ వాలును చూడండి.

తటస్థ ఊగిసలాట అయితే విస్తృతి సంఖ్యాబలంతో సమానంగా పెరుగుతుంది కాబట్టి వాలు 1 దగ్గర ఉంటుంది. వాతావరణమో, వ్యాధో జాతి మొత్తాన్ని ఒకేసారి పట్టి కుదిపితే మార్పు సంఖ్యాబలానికి అనుపాతంలో ఉంటుంది; విస్తృతి దాని వర్గంతో పెరుగుతుంది; వాలు 2 వైపు జరుగుతుంది. అరుదైన జాతుల్లో వాలు 1గా, సాధారణ జాతుల్లో 2గా కనిపించడం మామూలే, ఎందుకంటే కొద్ది చెట్లున్న జాతిలో యాదృచ్ఛికత మిగతా వాటిని కప్పేస్తుంది. అందువల్ల రేఖను ఒకే గీతగా కాక, రెండు భాగాలుగా చదవండి.

## 9. ఒకటి కంటే ఎక్కువ స్థలాల్లో సమాచారం ఉంటే

ఒకే మహాసముదాయం నుంచి విత్తనాలో, లార్వాలో అందుకునే స్థలాలు చాలా ఉంటే, వాటి మధ్య పోలిక ఎంత ఉండాలో కూడా సిద్ధాంతం చెబుతుంది. మారియా డోర్నెలాస్, షాన్ కొనొల్లీ, టెరెన్స్ హ్యూజ్ 2006లో పగడపు దిబ్బల మీద ఈ పరీక్షే చేశారు. స్థలాల మధ్య పోలిక సిద్ధాంతం అనుమతించేదానికంటే సగటున తక్కువగానూ, స్థలానికీ స్థలానికీ మరింత హెచ్చుతగ్గులతోనూ ఉందని తేలింది. మీ దగ్గర అలాంటి సమాచారం ఉంటే, మహాసముదాయాన్ని ఒక్కసారి సృష్టించి, దాని నుంచి అన్ని స్థలాలనూ నింపండి. ప్రతి స్థలానికీ వేర్వేరు మహాసముదాయాన్ని సృష్టిస్తే పోలిక కృత్రిమంగా పడిపోతుంది, సిద్ధాంతానికి అన్యాయం జరుగుతుంది.

## 10. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే మార్గాలు

రెండు శిఖరాలు. θ, I రెండూ లెక్కలో దాదాపు ఒకే రకమైన పాత్ర పోషిస్తాయి. అందువల్ల పెద్ద θ, చిన్న I ఉన్న చోట ఒక శిఖరం, చిన్న θ, పెద్ద I ఉన్న చోట మరొకటి రావచ్చు. ఒకే ప్రారంభ విలువతో వెతికితే తప్పు శిఖరం మీద ఆగిపోతారు. θ, I విలువలను అటూ ఇటూ మార్చి కనీసం నాలుగైదు చోట్ల నుంచి వెతకండి; ఏ శిఖరం ఎత్తైనదో చూడండి; రెండూ సమానంగా ఉంటే ఏడో విభాగంలోని విత్తన దూరంతో తేల్చండి.

గుంపుల్లో పెట్టి పోల్చడం. సంఖ్యాబలాలను 1, 2, 4, 8 అంటూ రెట్టింపు గుంపుల్లో పెట్టే పాత అలవాటు ఉంది. హద్దు మీద పడిన జాతులను చెరి సగం పంచితే, ఒకే చెట్టున్న 19 జాతులు మొదటి గుంపులో 9.5గా కనిపిస్తాయి, కీలకమైన అంకె కంటికి చిక్కదు. చిత్రం గీయడానికి గుంపులు వాడుకోండి. అంచనాను మాత్రం విడి సంఖ్యలతోనే వేయండి.

పరిమాణపు హద్దు దాటడం. ఐదో మెట్టులో జననం అని మనం పిలిచేది నిజానికి ఒక మొక్క 10 సెంటీమీటర్ల వ్యాసాన్ని దాటడం. ఆ మొక్క ఎన్నో ఏళ్ల కిందటే మొలిచి ఉంటుంది. అందువల్ల ఈ ఐదేళ్ల మార్పులో ఆనాటి పరిస్థితుల జాడ కలిసి ఉంటుంది. 1 సెంటీమీటరు నుంచి లెక్కించిన సమాచారం ఉంటే పరీక్షను రెండు హద్దులతోనూ చేసి పోల్చండి.

గణన దోషాన్ని ఊగిసలాటగా చదవడం. మొదటి గణనలో ఒక జాతిగా, రెండో గణనలో మరో జాతిగా రాసిన చెట్లు ఒక జాతి కూలిపోయినట్టు, మరొకటి విజృంభించినట్టు చూపిస్తాయి. పెద్ద మార్పు చూపిన ప్రతి జాతికీ చెట్టు సంఖ్యల వారీగా వెనక్కి వెళ్లి, చనిపోయినవి నిజంగా చనిపోయాయా, పేరు మారిందా అని చూడండి. పేరు మారినవి ఎప్పుడూ జంటగా కనిపిస్తాయి: ఒక జాతిలో పోయిన చెట్లు అదే స్థానాల్లో మరో జాతిలో ప్రత్యక్షమవుతాయి.

సాంద్రతా ప్రభావాన్ని తేలికగా కనుగొనడం. తన జాతివే చుట్టూ ఎక్కువగా ఉన్న చోట మొలకలు తక్కువగా నిలబడితే, అది తటస్థ ఊహకు నేరుగా విరుద్ధం. కైల్ హార్మ్స్, సహచరులు 2000లో బార్రో కొలరాడో విత్తన వలలనూ మొలకల మడులనూ జతచేసి, పరిశీలించిన 53 జాతుల్లోనూ ఈ ప్రభావం ఉందని ప్రకటించారు. అయితే ఇలాంటి విశ్లేషణలో ఒక గణాంక ఉచ్చు ఉంది. వలలో పడిన విత్తనాల సంఖ్య పక్కనున్న మడిలో నిజంగా పడిన విత్తనాల సంఖ్యకు దోషంతో కూడిన కొలత. అలాంటి దోషం అడ్డం అక్షం మీద ఉన్నప్పుడు వాలు దానంతటదే 1 కంటే తగ్గి, లేని సాంద్రతా ప్రభావం ఉన్నట్టు కనిపిస్తుంది. దీన్ని పట్టుకోవడానికి, ఏ ప్రభావమూ లేని కృత్రిమ సమాచారాన్ని అదే వలల అమరికతో, అదే దోషంతో సృష్టించి, అదే విశ్లేషణను దాని మీద నడపండి. అక్కడ కూడా వాలు 1 కంటే తగ్గితే, ఎంత తగ్గిందో ఆ మేరకు క్షేత్ర ఫలితం నుంచి తీసివేసి, మిగిలినదాన్నే సాంద్రతా ప్రభావంగా రాయండి.